టవలు వేసిన మగజీవి

తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు ఇంకా పూర్తిగా ఆగనేలేదు. మా మామ పరిగెత్తి, కిటికీలోంచి టవలు విసిరి సీటు పట్టేశాడు. అంతా ఇరవై సెకన్ల వీడియో. దానికి నేను డిస్కవరీ చానల్ తెలుగు గొంతు పెట్టి ఇలా చదివా:

"మిట్టమధ్యాహ్నం. మంద కదలికను ముందే పసిగట్టిన ఈ వయోజన మగజీవి తన ఆవాసానికి హద్దు గీసుకుంటోంది. ఈ వస్త్రాన్ని దాటే సాహసం మరో మగజీవి చేయదు."

సరిగ్గా అప్పుడే ఇంకొకాయన వచ్చి ఆ సీట్లో కూర్చోబోతాడు. వెనకాల మామ అసలు గొంతు: "ఏమబ్బా, గుడ్డ కనపడల్యా?"

ఇంట్లో అందరూ పడీపడీ నవ్వారు. నిజానికి నేను మొదట రాసిన మాటలు వేరే. "మా మామకి సీటు పిచ్చి చూడండి" అని పంచ్‌లు వేశా. ఒక్కరూ నవ్వలేదు. చెప్పేవాడే ముందు నవ్వేస్తే, చూసేవాడికి నవ్వడానికి ఏం మిగులుతుంది?

డాక్యుమెంటరీ గొంతు ఎప్పుడూ నవ్వదు, తిట్టదు. పేరు చెప్పదు, జాతి గురించి చెప్తుంది. పులి హద్దు గీసుకోవడానికి ఎంత మర్యాద ఇస్తుందో, టవలుకీ అంతే ఇస్తుంది. పని చిన్నది, మాట పెద్దది. ఆ రెంటి మధ్య ఖాళీలోనే నవ్వు పుడుతుంది. పైగా మన తెలుగు డబ్బింగులో 'ఆవాసం', 'వయోజన' లాంటి మాటలు బస్టాండులో ఎవరి నోటా వినపడవు. వాటి పక్కనే 'కనపడల్యా' పడేసరికి ఖాళీ ఇంకా పెరుగుతుంది.

ఈ కిటుకు ఆ గొంతు అసలు యజమానికీ తెలుసు. 2014 సోచి వింటర్ ఒలింపిక్స్‌లో మహిళల కర్లింగ్ ఆటకి డేవిడ్ అటెన్‌బరో బీబీసీ కోసం వ్యాఖ్యానం చెప్పారు. మంచు మీద రాయి జారుతుంటే, దాని ముందు చీపుళ్లతో గబగబా ఊడ్చే ఆట అది. ఆయన గొంతు మార్చలేదు, జంతువుల్ని గమనిస్తున్నట్టే చెప్పుకుంటూ పోయారు. జనం అందుకే నవ్వారు.

మీరూ చేయాలనుకుంటే ముందు మాటలు తీసేసి వీడియో చూడండి. అందులో నిజంగా ఒక జంతువు చేసే పని ఉండాలి: హద్దు, వేట, గుంపు, పిల్లల్ని కాపాడుకోవడం. అది లేకపోతే ఎంత గంభీరంగా చదివినా అతికించినట్టే ఉంటుంది.

ఒకచోట మాత్రం ఇది బెడిసికొడుతుంది. అదే బస్టాండులో గోనెసంచి పరుచుకుని పడుకున్న ముసలామె మీద ఇదే గొంతు పెట్టి చూశా. నవ్వు రాలేదు, సిగ్గేసింది. సీటు కోసం పరిగెత్తేది మనందరం, కాబట్టి మామని చూస్తే మనల్ని మనం చూసుకున్నట్టే. ఆమెని జంతువుని చేస్తే అది ఆమె ఒక్కదాని మీదే పడుతుంది. వెంటనే డిలీట్ చేశా.

మామ వీడియో కూడా ఆయనకి చూపించి, సరే అన్నాకే ఫ్యామిలీ గ్రూపులో పెట్టా. రెండుసార్లు చూసి ఆయన అడిగింది ఒకటే:

"వయోజన అంటే ముసిలోడనా?"