‘ఫిట్’ అన్న ఒక్క మాట చాలదు

పెద్ద శస్త్రచికిత్స జరిగిన రోగికి సెలవు ముగిసేనాడు మా వైద్యులు వ్రాసి ఇచ్చేది ఒకే వాక్యం: ‘ఫలానా తేదీ నుండి విధులకు అర్హుడు.’ నిన్నటి వరకు విశ్రాంతిలో ఉన్న మనిషి నేటి ఉదయానికి ఎనిమిది గంటల పనివాడైపోతాడు. ఇది వైద్యం కాదు, కాగితపు తంతు. నేనూ ఏళ్ల తరబడి ఇదే వ్రాశాను గనుక ఈ నిందలో నాకూ వాటా ఉంది.

ప్రొద్దుటూరు నుండి బస్సులో ఎర్రగుంట్ల వైపు వెళ్లి ఒక కర్మాగారపు స్టోర్సులో పనిచేసే యాభై నాలుగేళ్ల వ్యక్తికి కర్నూలులో బైపాస్ జరిగింది. ఎనిమిదవ వారంలో ‘ఫిట్’ కాగితంతో చేరారు. మూడవ రోజు సాయంత్రం, రొమ్మెముక వద్ద నొప్పిగా ఉందనీ, సిర తీసిన కాలు వాచిందనీ నా వద్దకు వచ్చారు. కోసి తీగలతో బిగించిన ఆ ఎముక గట్టిపడటానికి సుమారు పన్నెండు వారాలు పడుతుంది. ఆయనేమో యంత్ర భాగాల పెట్టెలు ఎత్తారు. దగ్గించి, చేయి ఆనించి చూశాను. అదృష్టవశాత్తు ఎముక కదలటం లేదు. అక్కడ టక్కుమన్న చప్పుడు, జ్వరం, చీము ఉంటే అదే రోజు శస్త్రవైద్యుని వద్దకు పంపవలసిందే.

ఆయనకు కొత్త పత్రం వ్రాసి ఇచ్చాను. మొదటి రెండు వారాలు ఉదయం ఎనిమిది నుండి పన్నెండు వరకే పని; తరువాతి రెండు వారాలు ఆరు గంటలు; ఆపరేషను నాటి నుండి పన్నెండు వారాలు నిండేవరకు ఐదు కిలోలకు మించిన బరువు ఎత్తరాదు; ఆ పైన పరీక్షించి పూర్తి పని. ఉదయం వేళనే ఎందుకు కోరానంటే, అది మే నెల. రక్తపోటు మాత్రలు, నీరు తీసే మాత్రలు వేసుకునేవారు కడప ఎండలో మధ్యాహ్నపు బస్సు కోసం నిలబడితే కళ్లు తిరిగి పడిపోగలరు. పన్నెండింటికి ఇంటికి తీసుకువెళ్లే బాధ్యత కొడుకు తీసుకున్నాడు.

పాఠకులారా, మీ దరఖాస్తులో ‘తేలికపాటి పని ఇప్పించండి’ అని వ్రాయకండి. తేలిక అంటే ఏమిటో యజమానికి తెలియదు. గంటలు, బరువు, తేదీలు వ్రాయించుకోండి. చేరిన తరువాత కాదు, చేరటానికి వారం ముందే ఇవ్వండి.

జీతం సంగతి మరింత చిక్కు. పనిచేసిన రోజుకు ఇ.ఎస్.ఐ. అనారోగ్య భృతి రాదు. సగం రోజు పనికి సగం భృతి అన్న ఏర్పాటు లేదు. అందుకే ఫైనల్ సర్టిఫికెట్ తీసుకోకముందే, మిగిలిన గంటలకు జీతం కోస్తారా, సంపాదిత సెలవులో పట్టుకుంటారా అన్నది వ్రాతపూర్వకంగా తేల్చుకోవాలి. బ్రిటన్‌లో 2010 నుండి వైద్యుని పత్రంలోనే ‘దశలవారీగా చేరిక’ అన్న గడి ఉంది. మన వద్ద అది హక్కు కాదు, కేవలం విన్నపం. యజమాని కాదంటే వైద్యుడు సెలవును పొడిగించాలి గాని, బెదిరి ‘ఫిట్’ అని వ్రాయరాదు.

ఆ స్టోర్సు మేనేజరు మొదట నసిగారు. తేదీలతో కూడిన కాగితం చూశాక, నాలుగు వారాలే కదా అని సంతకం పెట్టారు.