మాస్టారి లెక్క తప్పలేదు

వినుకొండ, దాని చుట్టుపక్కల గ్రామ సంఘాల కోసం మేము నడుపుతున్న నాలుగు పేజీల మాసపత్రికకు ఈ నెలతో పాతికేళ్ళు నిండాయి. వార్షికోత్సవం నాడు సంపాదకులు తమ కష్టాలు చెప్పుకోవడం రివాజు. మేము మాత్రం ఈ వారం ఇక్కడ దొరికిన చోటును ఒక్క మనిషికి కృతజ్ఞత చెప్పడానికే వాడుకుంటున్నాము. ఆయన రిటైరైన బడిపంతులు. మొదటి సంచిక నుండి చివరి పేజీలో గ్రామ సంఘాల చరిత్ర రాస్తూ వచ్చారు. ఏనాడూ పేరు వేయనివ్వలేదు కాబట్టి ఇప్పుడు కూడా వేయడం లేదు. మా పాఠకులకు ఆయన 'మాస్టారు' అంటే చాలు.

ఆయన చేసిన మేలు ఏమిటో చెప్పాలంటే, ముందు మేము చేసిన ఒక తప్పు ఒప్పుకోవాలి.

కొన్నేళ్ళ కిందట ఈపూరు వైపు ఒక గ్రామ సంఘం జూబిలీ జరుపుకోదలచింది. తమ తాతముత్తాతలు 'ధాత కరువులో' బాప్తిస్మం పొందారని, అందుచేత సంఘం 1876లో పుట్టిందని పెద్దలు రాసి పంపారు. శిలాఫలకం కూడా చెక్కించారు. ఆ ఊరి చరిత్ర రాయమని మాస్టారిని అడిగితే ఆయన వెళ్ళి మూడు రోజులు తిరిగి వచ్చి, "1876 కాదండీ, 1878" అన్నారు. పెద్దలు నొచ్చుకున్నారు. రెండేళ్ళ తేడాకు ఇంత రభస ఎందుకని మేము ఆయన కాగితం పక్కన పెట్టి, పెద్దలు పంపిందే అచ్చు వేశాము. ఆయన ఒక్క మాట అనలేదు. మరుసటి నెల వేరే ఊరి చరిత్ర తెచ్చి మా బల్ల మీద పెట్టి వెళ్ళారు.

ఆయన లెక్క ఎలా వేశారో మేము తరువాత అడిగి తెలుసుకున్నాము. ముసలివారిని ఆయన ఎన్నడూ "ఏ సంవత్సరం?" అని అడగరు. అడిగితే ఎవరో చెప్పిన అంకె తిరిగి చెబుతారట. "అప్పుడు ఎండాకాలమా, వానలు పడ్డాయా? ఇంట్లో చంటిబిడ్డ ఎవరు? అంతకు ముందు ఏ పనికి వెళ్ళి వచ్చారు?" అని అడుగుతారు. ఆ ఊళ్ళో ఒక అవ్వ, తన నాయనమ్మ నోట విన్న మాటగా, "కాలవ పని అయిపోయి ఇంటికొచ్చాక, ఏట్లో నీళ్ళు పారేటప్పుడు" అని చెప్పింది. మాస్టారికి ఆ ఒక్క మాట చాలింది.

తెలుగు సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది గనుక ఒక్కో పేరు రెండు ఇంగ్లీషు సంవత్సరాల మీద పడుతుంది. ధాత అంటే 1876-77, తరువాతి ఈశ్వర 1877-78, ఆ తరువాతి బహుధాన్య 1878-79. కరువు ధాతలో మొదలై ఈశ్వరలో కూడా జనాన్ని పీడించింది. అయినా జనం నోట మొత్తానికి 'ధాత కరువు' అన్న పేరే నిలిచింది. పైగా పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి గనుక 1936 కూడా ధాతే. అందుకే సంవత్సరం పేరు ఒక్కటే పట్టుకుంటే మోసపోతామని ఆయన అంటారు.

ఇక అవ్వ చెప్పిన కాలవ బకింగ్‌హాం కాలువ. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు కరువులో ఆ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. అయితే ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగినా ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని, సుమారు ఏడాదికి పైగా ఆపి ఉంచారు. కరువు సహాయం ముగింపుకు వచ్చాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు బోధకులు, ఒక్కో విడతకు ఇద్దరు చొప్పున, వంతులవారీగా నీళ్ళలో నిలబడ్డారు. అప్పట్లో వినుకొండ ప్రాంతం ఒంగోలు మిషను కిందే ఉండేది. 1883లో గానీ వేరు కేంద్రం కాలేదు.

ఇప్పుడు అవ్వ మాట మళ్ళీ చూడండి. కాలవ పని అయిపోయింది, ఏట్లో నీళ్ళున్నాయి. అది ధాత కాదు, బహుధాన్య తొలకరి.

ఈ రెండేళ్ళ తేడా ఎంత పెద్దదో మాకు జూబిలీ అయ్యాక తెలిసింది. ఆ ఊరి కుర్రవాడు ఒకడు మా దగ్గరకు వచ్చి, "మీ పత్రిక చూపించి కాలేజీలో ఎగతాళి చేస్తున్నారు. మీ వాళ్ళు కరువులో గంజికి అమ్ముడుపోయారని మీరే రాసుకున్నారు గదా అంటున్నారు" అని తలవంచుకున్నాడు. మా ముఖాలు చెల్లలేదు. పక్కన పెట్టిన కాగితం వెదికి తీసి, మరుసటి సంచికలో క్షమాపణతో మొదటి పేజీలో వేశాము. ఆకలితో ఉన్నప్పుడు అడిగారు, ఆగమంటే ఆగారు, ఆకలి తీరాక మళ్ళీ వచ్చారు. ఆ ఊరి పెద్దల సాక్ష్యం అది. మేము తేదీ తప్పు వేసి ఆ సాక్ష్యాన్నే చెరిపేశాము.

అయితే మాస్టారు అక్కడ కూడా మమ్మల్ని హద్దులో పెట్టారు. "ఒక్కొక్కరి మనసులో ఏముందో ప్రభువుకే తెలుసు. తేదీ అది చెప్పదు. పిండి పంచే రోజున కాదు అని మాత్రమే చెబుతుంది. అంతవరకే రాయండి" అన్నారు. మేము ఉత్సాహంతో కలిపిన రెండు వాక్యాలు ఆయనే కొట్టేశారు.

ఇది సువార్తికుడైన లూకా పద్ధతి. తాను అన్నిటినీ మొదటి నుండి తరచి తెలుసుకుని వరుసగా రాస్తున్నానని ఆయన థెయొఫిలుకు ముందే చెప్పాడు. యోహాను బోధ మొదలైన కాలం చెప్పవలసి వచ్చినప్పుడు తిబెరి కైసరు ఏలుబడిలో పదునైదవ ఏడు అని చెప్పి ఊరుకోలేదు; పిలాతు, హేరోదు, అన్న, కయప మొదలైన వారితో కలిపి ఏడుగురి పేర్లు రాశాడు (లూకా 3:1, 2). ఒక్క గుర్తు తప్పినా మిగిలినవి నిలబెడతాయి. దేవుని కార్యం ఫలానా కాలంలో, ఫలానా మనుష్యుల మధ్య జరిగిందని నమ్మేవారికి తేదీ చిన్న విషయం కాదు.

మాస్టారికి ఇప్పుడు చూపు బాగా తగ్గింది. కిందటి నెల కాగితం మనవరాలి చేత రాయించారు. చివర ఆమె తన మాటగా, "తాతయ్య ఇంకా పదకొండు ఊళ్ళు మిగిలాయంటున్నారు" అని చేర్చింది. ఆ పదకొండు ఊళ్ళలో ఆయన మాట్లాడవలసిన అవ్వలు, తాతలు ఎందరు మిగిలారో మేము లెక్క వేయలేకపోయాము.

మాస్టారూ, పాతికేళ్ళుగా మీరు ఒక్క రూపాయి అడగకుండా, బస్సు చార్జీ కూడా పుచ్చుకోకుండా రాశారు. మీ కాగితం పక్కన పెట్టిన నాడు కూడా మమ్మల్ని విడిచిపెట్టలేదు. మీకు మా వందనాలు. వచ్చే నెల నుండి మా ఇద్దరు యువకులు మీ మనవరాలితో కలిసి ఆ ఊళ్ళకు వెళతారు. ఏ సంవత్సరం అని అడగవద్దని, ఏట్లో నీళ్ళున్నాయా అని అడగమని వారికి చెప్పాము. వారు తెచ్చిన ప్రతి కాగితం అచ్చుకు ముందు మీకు చదివి వినిపిస్తాము. కొట్టేయవలసినవి కొట్టేయండి.