క్యారేజీలో గోరువెచ్చని అన్నంతో జాగ్రత్త!

పామర్రులో ఉదయం ఆరున్నరకు కట్టిన క్యారేజీని బెజవాడ కాలేజీలో మధ్యాహ్నం పన్నెండున్నరకు తెరుస్తారు. మూత తీయగానే అన్నం గోరువెచ్చగా ఉంటే, డబ్బా బాగా పనిచేస్తోందని అనుకుంటాం. ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది.

బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం వేడి 60 డిగ్రీల కంటే తగ్గి గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి మొలకెత్తి విషాన్ని తయారు చేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాసనలో తేడా కూడా తెలియకపోవచ్చు. కాబట్టి వేడిని సగంలో వదిలేసే డబ్బా మామూలు గిన్నె కంటే మేలు కాదు.

కొనేటప్పుడు ‘డబుల్ వాల్’, ‘ఇన్సులేటెడ్’ అన్న అక్షరాలు చూసి మోసపోవద్దు. రెండు స్టీలు గోడల మధ్య గాలి తీసేసినదే వ్యాక్యూమ్ డబ్బా. ప్లాస్టిక్ తొడుగులో మామూలు స్టీలు గిన్నెలు పేర్చిన క్యారేజీ అంతసేపు వేడి నిలపలేదు. ఐఎస్‌ఐ గుర్తు, దాని కింద సీఎం/ఎల్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. ఆ నంబరు అసలుదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో తేలుతుంది.

తెచ్చాక ఇంట్లో పరీక్షించండి. డబ్బా నిండా మరిగే నీళ్లు పోసి మూత బిగించండి. పది నిమిషాల తర్వాత బయటి గోడ వేడెక్కితే వ్యాక్యూమ్ లేదు, లేదా పోయింది. ఆరు గంటల తర్వాత మూత తీసి వంటింటి థర్మామీటరు ముంచండి. 60 కంటే తక్కువ చూపిస్తే దూర ప్రయాణానికి పనికిరాదు. నీళ్లే చల్లబడితే, సగమే నింపిన అన్నం ఇంకా ముందే చల్లబడుతుంది. గట్టెక్కిన డబ్బాను కూడా రోజూ మరిగే నీళ్లతో పది నిమిషాలు వేడెక్కించి, నీళ్లు వంపేసి, పొగలు కక్కే అన్నాన్ని నిండుగా పెట్టాలి.

చారు పంపే ఫ్లాస్కు కారుతుందో లేదో చన్నీళ్లతో పరీక్షిస్తే సరిపోదు. వేడి చారు ఆవిరి మూతను లోపలి నుంచి నెడుతుంది. కాబట్టి వేడినీళ్లే పోసి, పైన రెండు వేళ్ల ఖాళీ వదిలి, ఫ్లాస్కును పాత పేపరు మీద అరగంట పడుకోబెట్టండి. పేపరు తడిస్తే వాషరు తీసి చూడండి. గాడిలో సరిగా కూర్చోకపోయినా, చిరిగినా, మెతుకు ఇరుక్కున్నా కారుతుంది. వాషరు ఊడి రాని, విడిగా దొరకని రకం కొనకండి.

పరీక్షలో ఓడిన డబ్బాలో రేపటి నుంచే అన్నం పంపడం ఆపండి. కొత్తది వచ్చేదాకా చపాతీ, కారప్పొడి పెట్టండి.