సంతకు అందని ఆహార పట్టిక

షుగర్ రోగికి పోషకాహార నిపుణులు రాసిచ్చే వారపు పట్టిక మరైగూడ వంటి బస్తర్ పల్లెలో అమలు కావాలంటే అందులోని ప్రతి వస్తువూ వారపు సంతలో దొరకాలి. ఓట్స్, ఆపిల్, పనీర్ రాస్తే పట్టిక గోడకే పరిమితం. రాగి జావ, ఉలవలు, ఆకుకూరలు రాస్తే పొయ్యి మీదికి వస్తుంది. కొలతలో అస్పష్టత ఇంతకంటే పెద్ద ముప్పు. ‘100 గ్రాముల రైస్’ అని రాసినప్పుడు అది బియ్యమో అన్నమో తేల్చకపోతే, బియ్యంగా తూచి వండుకున్నవారి కంచంలోకి దాదాపు మూడింతల పిండిపదార్థం చేరుతుంది. ఇంట్లోని గిన్నెను ఒకసారి తూచి, వండిన అన్నం ఎన్ని గరిటెలో రాసివ్వడం ఉత్తమం. అసలు లోపం జాగ్రత్తలు లేకపోవడం. గ్లిమెపిరైడ్ వేసుకుని, ఏమీ తినకుండా తెల్లవారుజామునే తునికాకు కోతకు వెళ్లే మనిషికి మధ్యాహ్నంలోపే చక్కెర 70 మిల్లీగ్రాముల కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తడబాటు కనిపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలని, పావుగంటలో తగ్గకపోతే మళ్లీ తాగాలని, స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తరలించాలని పట్టికలోనే ఉండాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పప్పు, పండ్ల మోతాదు వేరుగా ఉంటుంది. మందుల చీటీ, క్రియాటినిన్ ఫలితం చూడకుండా రాసిన పట్టికను రోగి చేతికి ఇవ్వకూడదు.