రాత్రి పడుకునే గదిలో బండి బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టకండి!

జంషెడ్‌పూర్ తెలుగు కుటుంబాలకు విజ్ఞప్తి

కదమా, సోనారి, టెల్కో, మాంగోలలోని అన్నలారా, అక్కలారా!

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో స్కూటర్ బ్యాటరీని ఊడదీసి హాల్లో ఛార్జింగ్ పెట్టి అందరూ పడుకున్నారు. తెల్లవారుజామున అది పేలి, అక్కడ నిద్రపోతున్న పెద్దాయన ప్రాణం పోయింది. అదే నెలలో విజయవాడలో పడకగదిలో పెట్టిన బ్యాటరీ పేలి ఇంటి యజమాని చనిపోయారు. రెండిళ్లలోనూ బ్యాటరీ పేలింది మనుషులు నిద్రపోతున్న చోటే. అందుకే ఛార్జింగ్ వరండాలోనో, నీడపట్టున గాలి ఆడే చోటో పెట్టండి. గుమ్మానికి, మెట్లకు అడ్డంగా మాత్రం వద్దు. అంటుకుంటే మీరు బయటపడాల్సింది ఆ దారినే.

ఇక సాకెట్ సంగతి. స్కూటర్ ఛార్జర్ 750 వాట్లదైతే మూడు, నాలుగు ఆంపియర్లు లాగుతుంది. కారుకి ఇంట్లో పెట్టే 3.3 కిలోవాట్ల ఛార్జర్ 14 ఆంపియర్ల పైనే, అదీ గంటల తరబడి లాగుతుంది. సాకెట్ లోపల పట్టు వదులై అర ఓం నిరోధం వచ్చిందనుకోండి. 14 ఆంపియర్లకు అక్కడ పుట్టే వేడి దాదాపు వంద వాట్లు. గోడలో వంద వాట్ల బల్బు మూసిపెట్టినట్టే! ఎంసీబీ ఆ వేడిని పసిగట్టదు, ఎందుకంటే కరెంటు హద్దు దాటలేదు.

కాబట్టి కారుకి విడిగా 16 ఆంపియర్ల సాకెట్, మెయిన్ బోర్డు నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి సొంత ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. అదే లైనుకి గీజరు, ఏసీ కలపకండి. స్కూటర్‌కైనా ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు. కంపెనీ క్వార్టరైతే అనుమతి తీసుకునే వైరింగ్ మార్పించండి.

అరగంట ఛార్జింగ్ అయ్యాక స్విచ్ ఆపి, ప్లగ్ తీసి పట్టుకోండి. చెయ్యి ఆనలేనంత కాలుతున్నా, పిన్నులు నల్లబడినా, సాకెట్ పసుపెక్కినా మిస్త్రీని పిలవండి. అది బాగయ్యేదాకా ఛార్జింగ్ ఆపేయండి.

బ్యాటరీ కూడా చాలాసార్లు ముందే చెబుతుంది. పెట్టె ఉబ్బుతుంది. ఎప్పుడూ లేని ఘాటు వాసన, నెయిల్ పాలిష్ లాంటిది, వస్తుంది. ఉస్సుమనో టపటపమనో చప్పుడు వినిపిస్తుంది. మే నెల ఎండలో తిరిగొచ్చిన బండిని గంటసేపు చల్లారనిచ్చాకే ఛార్జింగ్ పెట్టండి. కింద పడ్డ, నీట మునిగిన బ్యాటరీని సర్వీస్ సెంటర్‌లో చూపించనిదే వాడకండి.

పొగ మొదలైతే దాన్ని ఎత్తుకుని బయటికి పరిగెత్తకండి. ఆ పొగ విషం. చేతికందేలా ఉంటే మెయిన్ ఆపండి, పిల్లల్నీ పెద్దల్నీ బయటికి తెచ్చి తలుపు మూయండి, 101కో 112కో ఫోన్ చేయండి. మంట ఆరినట్టు కనిపించినా గంటల తర్వాత మళ్లీ రేగవచ్చు, లోపలికి వెళ్లకండి.

ఈ రాత్రి పడుకునే ముందు మీ ఇంట్లో ఛార్జర్ ఎక్కడుందో ఒక్కసారి లేచి చూడండి. ఈ కాగితాన్ని పక్కింటివాళ్లకీ ఇవ్వండి.

ఇట్లు,
మీ వీధివాళ్లం