విశాలచిత్రంలో అర్ధరూపాలు

భిలాయి ఉక్కు కర్మాగారం ద్వారం ముందు, షిఫ్టు మారే వేళ, ఎడమనుంచి కుడికి వరుసగా మూడు ఫోటోలు తీసి ఒకటిగా కలిపారనుకోండి. గోడలు, స్తంభాలు చక్కగా అతుకుతాయి. సైకిలు మీద పోతున్న మనిషి మాత్రం పొగబొమ్మలా కనిపిస్తాడు. అతని వీపులోంచి రోడ్డు తెలుస్తుంది.

కారణం సులభమే. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలు సెకనుకు సుమారు 4 మీటర్లు కదులుతుంది. రెండు ఫోటోల మధ్య రెండు సెకన్లు గడిస్తే అది 8 మీటర్లు ముందుంటుంది. రెండింటి ఉమ్మడి భాగాన్ని సగం సగం కలిపితే, ఒక దానిలోని మనిషి మీద రెండవ దానిలోని ఖాళీ రోడ్డు పడుతుంది. కనుక కలపడం మాని, ఎంచుకోవాలి: ఒక్కొక్క చోటును ఒక్క ఫోటోనుంచే తీసుకోవాలి.

ఉచితంగా లభించే హ్యూగిన్ అనే సాఫ్ట్‌వేర్‌లో Masks అనే పుటలో ఈ పని చేయవచ్చు. అంతకుముందు, ఫోటోలను సరిపోల్చే గుర్తులలో మనుషుల మీద, వాహనాల మీద పడినవాటిని తొలగించాలి. లేనిచో అతుకే వంకరపోతుంది.

మన సైకిలు కుడివైపు పోతున్నది. మొదటి ఫోటోలో అది ఉమ్మడి భాగంలో ఉంది. రెండవ దానిలో ఆ భాగాన్ని దాటిపోయింది. అక్కడ మరో ఫోటో లేదు గనుక ఆ రూపాన్ని ఉంచక తప్పదు. అందుచేత మొదటి ఫోటోలో సైకిలు చుట్టూ, దాని నీడను కూడా కలుపుకొని గీత గీసి Exclude region ఎంచుకోవాలి. ఆ చోటికి రెండవ ఫోటోలోని ఖాళీ రోడ్డు వస్తుంది.

బస్సు సంగతి వేరు. అది ఎడమకు పోతున్నది. రెండవ ఫోటోలో దాని వెనుక భాగం మూడవ ఫోటోతో ఉమ్మడి అయిన చోట, ముందు భాగం దాని వెలుపల ఉన్నాయి. మూడవ ఫోటో తీసేసరికి బస్సు దాటిపోయింది. ఉమ్మడి భాగానికి మూడవ దానిని తీసుకుంటే సగం బస్సే మిగులుతుంది. కాబట్టి రెండవ ఫోటోలో బస్సును, నీడతో సహా, Include region తో చుట్టాలి. అప్పుడు ఆ చోటు పూర్తిగా ఆ ఫోటోకే చెందుతుంది.

గీత ఎప్పుడూ రెండు ఫోటోలలోనూ ఒకేలా ఉన్న నేల మీదుగా, గోడ మీదుగా పోవాలి. వేరే ఫోటో లేని చోట Exclude region గీస్తే అక్కడ నల్లని రంధ్రం మిగులుతుంది. అందుకే రద్దీ స్థలంలో ప్రతి దిశలోనూ, వెలుతురు అమరిక మార్చకుండా, రెండేసి ఫోటోలు తీయడం మేలు.

చిత్రం పూర్తయ్యాక పెద్దదిగా చేసి చక్రాలను, కాళ్ళను, నీడలను పరిశీలించండి. మనిషి లేని నీడ కనిపిస్తే గీతను సవరించాలి. కదలని స్తంభమే రెండుగా కనిపిస్తే దోషం చలనానిది కాదు. కెమెరా తిరిగేటప్పుడు పక్కకు జరిగింది. దానిని ముందు సరిచేయాలి.