ఫోన్ చేయగానే 4జీ ఎక్కడికి పోతుంది?

"ఏమ్మా, నాది 4జీ ఫోనే కదా. ఊరికే ఉన్నంతసేపూ పైన 4G అనే ఉంటుంది. ఎవరికైనా ఫోన్ కలిపానో లేదో అది కాస్తా పోయి E అని పడుతుంది. మాట్లాడుతున్నంతసేపూ మెసేజ్‌లు రావు, ఎవరికీ డబ్బులు పంపడానికి కుదరదు. ఫోన్ పెట్టెయ్యగానే మళ్ళీ 4G వచ్చేస్తుంది. ఇదేం చిత్రం?"

మొన్న పెళ్ళిలో భోజనాల దగ్గర మా మామయ్య వేసిన ప్రశ్న ఇది. ఆయన ఉండేది జంగారెడ్డిగూడెం దగ్గర ఓ పల్లెలో. ఫోన్ పాడైపోయిందేమో, కొత్తది కొనాలేమో అని ఆయన దిగులు. మామయ్యా, మీ ఫోన్ పాడవలేదు, కొత్తది కొనకండి అని ముందు చెప్పేశాను. ఆ తర్వాత చెప్పిందంతా మీక్కూడా చెబుతాను. ఇలా E పడే ఫోన్లు ఇంటికొకటి ఉన్నాయి మరి.

అసలు కిటుకంతా ఇక్కడుంది. 2జీ పుట్టిందే మాట కోసం. 3జీ కూడా మాటను దాని పద్ధతిలోనే నడిపింది. మీరు నంబరు కొడితే ఆ ఇద్దరి మధ్యా ఒక దారి కట్టేసి, ఫోన్ పెట్టేసేదాకా దాన్ని వాళ్ళకే వదిలేస్తాయి. 4జీ అలా కాదు. దాన్ని తయారుచేసినవాళ్ళు అలాంటి దారే పెట్టలేదు. అందులో నడిచేవన్నీ డేటా ప్యాకెట్లే. సినిమా అయినా, ఫోటో అయినా, మాటైనా ముక్కలు ముక్కలుగానే పోవాలి. మాటను అలా పంపే ఏర్పాటు విడిగా పెట్టుకోవాలి. ఆ ఏర్పాటు పేరు ఐఎంఎస్. దాని మీద నడిచే కాల్‌నే వోల్టీ అంటున్నాం. 4జీ వచ్చిన మొదటి రోజుల్లో ఈ ఏర్పాటు ఎక్కడా లేదు. డేటాకి 4జీ, మాటకి పాత నెట్‌వర్క్ అన్నట్టు నడిపించారు. 2012 ఆగస్టులో అమెరికాలోని డాలస్‌లోనూ, దక్షిణ కొరియాలోనూ వోల్టీ మొదలైంది. మన దగ్గర ఇంటింటికీ తెచ్చింది 2016 సెప్టెంబరు 5న వచ్చిన జియో.

ఫోన్ ఆన్ చెయ్యగానే అది రెండు చోట్ల పేరు నమోదు చేసుకుంటుంది. ఒకటి 4జీ నెట్‌వర్క్ దగ్గర, డేటా కోసం. రెండోది ఐఎంఎస్ దగ్గర, మాట కోసం. మొదటిది అయితే పైన 4G కనిపిస్తుంది. రెండోది కూడా అయితేనే వోల్టీ నడుస్తుంది. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే మామయ్యకి అంత కంగారు.

రెండో నమోదు కూడా సవ్యంగా అయిందనుకుందాం. మీరు నంబరు కొట్టగానే ఫోన్ నుంచి ఐఎంఎస్‌కి ఒక చిన్న పిలుపు చీటీ వెళుతుంది. అందులో ఎవరు, ఎవరిని పిలుస్తున్నారు, నా ఫోన్‌కి ఏ ఏ పద్ధతుల్లో మాటను కుదించడం వచ్చు అని ఉంటుంది. అవతలి ఫోన్ తనకు వచ్చిన పద్ధతి ఏదో చెబుతుంది. ఇద్దరికీ కుదిరాక, అవతల బెల్లు మోగక ముందే, నెట్‌వర్క్ రెండు వైపులా మాట కోసం ప్రత్యేకంగా కొంత చోటు తీసి పెడుతుంది. ఆ తర్వాతే బెల్లు. ఈ వరుస ఎందుకంటే, బెల్లు మోగి మనిషి ఎత్తాక 'హలో' పోవడానికి దారి లేకపోతే ఎవరికి లాభం?

ఆ తీసిపెట్టిన చోటే వోల్టీకి ప్రాణం. రైల్లో రిజర్వేషన్ బెర్తు లాంటిదది. జనరల్ పెట్టె ఎంత కిక్కిరిసినా మీ బెర్తు మీదే. వాట్సాప్‌లో మాట్లాడితే ఆ మాట జనరల్ పెట్టెలో, పక్కింటి కుర్రాడు చూసే క్రికెట్టుతో పాటు పోతుంది. టవర్ మీద రద్దీ పెరిగితే అది తెగుతుంది, వోల్టీ నిలబడుతుంది. నెట్‌వర్క్‌లో మాటకి పెట్టుకున్న గడువు పదో వంతు సెకను, అంటే 100 మిల్లీసెకన్లు. అంతకన్నా ఆలస్యమైన ముక్కను పారెయ్యడమే మేలు. నూటికి ఒకటి పోయినా చెవికి పెద్దగా తెలియదు.

ఇక ఆ ముక్కల సంగతి నాకు భలే ఇష్టం. సెకనులో యాభయ్యో వంతు మాటను, అంటే 20 మిల్లీసెకన్లది, ఒక ముక్కగా కోస్తారు. మామూలుగా వాడే పద్ధతిలో ఆ ముక్క బరువు సుమారు 32 బైట్లు. దాని మీద అంటించే చిరునామా మాత్రం 40 బైట్లు, కొత్త తరహా ఇంటర్నెట్ చిరునామాలైతే 60. ఉత్తరం కన్నా కవరు బరువన్నమాట! ప్రతి ముక్క మీదా అదే చిరునామా కాబట్టి, టవర్‌కీ ఫోన్‌కీ మధ్య దాన్ని మళ్ళీ మళ్ళీ రాయకుండా నాలుగైదు బైట్లకు కుదించేస్తారు. మీరు మాట్లాడకుండా వింటున్నప్పుడు మీ వైపు నుంచి ముక్కలు దాదాపు ఆగిపోతాయి. అప్పుడప్పుడూ ఒక చిన్న సంకేతం మాత్రం వెళుతుంది. దాన్ని బట్టి అవతలి ఫోన్ మెల్లని హోరు పుట్టిస్తుంది, లైను తెగిందేమో అని వాళ్ళు కంగారు పడకుండా.

మామయ్య ఫోన్ దగ్గరికి వద్దాం. ఆయన ఫోన్ మొదటి నమోదు చేసుకుంది, రెండోది కాలేదు. కారణాలు ఇవీ: సెట్టింగ్స్‌లో వోల్టీ ఆపేసి ఉండొచ్చు. పాత సిమ్ కావచ్చు. ఆ కంపెనీ నెట్‌వర్క్‌కి తగ్గట్టు ఆ ఫోన్ సాఫ్ట్‌వేర్ సిద్ధమై ఉండకపోవచ్చు. అప్పుడు ఆయన నంబరు కొట్టగానే ఫోన్ 4జీ నెట్‌వర్క్‌తో "నేను మాట్లాడాలి, నన్ను పాత నెట్‌వర్క్‌కి పంపు" అని అడుగుతుంది. నెట్‌వర్క్ "అయితే ఇదిగో, ఫలానా ఫ్రీక్వెన్సీలో ఫలానా 2జీ చూసుకో" అని వదిలేస్తుంది. ఫోన్ 4జీని విడిచి 2జీని పట్టుకుని, అక్కడ కాల్ మొదలుపెడుతుంది. పైన E పడేది అప్పుడే. దీన్ని సర్క్యూట్ స్విచ్డ్ ఫాల్‌బ్యాక్ అంటారు. నంబరు కొట్టాక కొన్ని సెకన్లు ఏ చప్పుడూ లేకుండా ఉండేది ఈ గెంతు వల్లే. అవతలి ఫోన్‌ది కూడా ఇదే తంతు అయితే ఆ నిశ్శబ్దం ఇంకా సాగుతుంది.

2జీలో మామూలుగా మాట నడిచేటప్పుడు డేటా ఆగుతుంది. అందుకే మెసేజ్‌లు రావు, డబ్బులు పోవు. 3జీ మీదకి వాలితే రెండూ కలిసి నడుస్తాయి. కానీ మన దేశంలో 3జీని చాలా చోట్ల తీసేశారు, ఎయిర్‌టెల్ 2020లోనే దాన్ని వదిలేసింది. కాబట్టి ఇప్పుడు పడితే చాలాసార్లు నేరుగా 2జీ మీదే.

ఇంకో రకం జారుడుంది. వోల్టీలో చక్కగా మాట మొదలవుతుంది. బస్సు ఊరు దాటుతుంది, 4జీ సన్నగిల్లుతుంది. ఫోన్ ఎప్పటికప్పుడు తన చుట్టూ ఉన్న టవర్ల బలం కొలిచి చెబుతూనే ఉంటుంది. 4జీ మరీ తగ్గి, 2జీ బాగుందని తేలితే, కాల్ తెగకుండా దాన్ని అప్పటికప్పుడు 2జీకి మార్చేస్తారు. ఈ మార్పిడిలో మాట ఆగే సమయం సెకనులో పదింట మూడు వంతులు దాటకూడదని లెక్క. ఒక అక్షరం మింగినట్టు ఉంటుంది, అంతే. కానీ గొంతు మారిపోతుంది, గమనించారా? వోల్టీలో 50 నుంచి 7000 హెర్ట్జ్ దాకా వినిపిస్తుంది. పాత ఫోన్‌లో 300 నుంచి 3400 దాకానే. 'స', 'శ' లాంటి అక్షరాల చురుకంతా ఆ పైనున్న భాగంలో ఉంటుంది. అది తెగిపోగానే పక్కనే ఉన్నట్టున్న మనిషి గొట్టంలోంచి మాట్లాడుతున్నట్టు అయిపోతుంది. ఒకసారి కిందికి జారాక, ఆ కాల్ అయిపోయేదాకా మామూలుగా పైకి రాదు. 4జీ మళ్ళీ నిండుగా వచ్చినా అంతే.

"గీతలు బాగానే ఉన్నాయి, అయినా జారిందే?" అంటారా? ఆ గీతలు టవర్ మాట మీ ఫోన్‌కి ఎంత బాగా వినిపిస్తుందో చెబుతాయి. మీ ఫోన్ మాట టవర్‌కి వినిపిస్తుందో లేదో చెప్పవు. టవర్ పదుల వాట్లతో అరుస్తుంది, 4జీలో ఫోన్ గొంతు మహా అయితే 0.2 వాట్లు. అదే ఫోన్ 900 మెగాహెర్ట్జ్ 2జీలోకి దిగితే, తన వంతు వచ్చినప్పుడు 2 వాట్ల దాకా గొంతెత్తగలదు. పదిరెట్లు! పైగా తక్కువ ఫ్రీక్వెన్సీ గోడల్లోంచి, తోటల్లోంచి ఎక్కువ దూరం పోతుంది. పొలాల మధ్య, మేడ కింద గదిలో కాల్ 2జీకి జారడానికి ఇదే పెద్ద కారణం. ముసలి 2జీ అక్కడ చేసే పనిని నేను తక్కువ చెయ్యలేను.

మరి జియో సంగతి? దానికి 2జీ, 3జీ లేనే లేవు. జారడానికి కింద మెట్టు లేదు. వోల్టీ అందినంత మేర స్వచ్ఛంగా నడుస్తుంది, అందకపోతే కాల్ తెగుతుంది. అందుకే మొదట్లో వోల్టీ లేని 4జీ ఫోన్లవాళ్ళ కోసం, కాల్స్ చేసుకునే యాప్ ఒకటి విడిగా ఇచ్చింది.

మీ ఫోన్‌ది ఏ రకం జారుడో తెలుసుకోవడం తేలికే. నంబరు కొట్టగానే 4G పోతే వోల్టీ నమోదే లేదు. మాట మధ్యలో పోతే సిగ్నల్ సంగతి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో డయలర్‌లో *#*#4636#*#* కొడితే ఒక పేజీ తెరుచుకుంటుంది. అందులో Phone information లోకి వెళ్ళి, పైనున్న మూడు చుక్కలు నొక్కి, IMS Service Status అని చూస్తే Registered అని ఉందో, Not Registered అని ఉందో తెలిసిపోతుంది. మామయ్య ఫోన్‌లో చూస్తే రెండోదే ఉంది. సెట్టింగ్స్‌లో వోల్టీ మీట ఆపేసి ఉంది. దాన్ని నొక్కి, ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేశాం. ఆ తర్వాత నాకు కాల్ చేస్తే 4G అలాగే నిలబడింది. సిగ్నల్ సమస్య అయితే మీటలతో తీరదు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై కాలింగ్ పెట్టుకోండి, అది అదే ఐఎంఎస్‌కి ఇంకో గుమ్మంలోంచి పోతుంది.

విదేశాల్లో పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలు మాత్రం ఇది ముందే చూసుకోవాలి. అమెరికాలో ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో 3జీ ఆపేసింది. అక్కడ కింద మెట్టు లేదు. పైగా తన వోల్టీలోకి ఏ మోడల్ ఫోన్లను రానివ్వాలో జాబితా పెట్టుకుంది. ఇక్కడ కొన్న ఫోన్ అందులో లేకపోతే, అక్కడి సిమ్ వేశాక వీడియోలు వచ్చినా కాల్ కలవకపోవచ్చు. ఆస్ట్రేలియాలో 2024 అక్టోబరులో 3జీ ముగిసినప్పుడు ఇంకో చిక్కు బయటపడింది. కొన్ని ఫోన్లు మామూలు కాల్స్ 4జీలో చేసి, 000 అనే అత్యవసర నంబరు కొడితే మాత్రం 3జీ కోసం వెతుకుతాయి. అలాంటి ఫోన్లకు తమ నెట్‌వర్క్‌లో చోటివ్వొద్దని అక్కడి కంపెనీలకు నియమం పెట్టారు. మీ అమ్మగారి ఫోన్ ఆ రకమో కాదో తెలియాలంటే, టికెట్ కొనే ముందే అక్కడి పిల్లలతో చెప్పి, ఆ దేశపు కంపెనీ జాబితాలో మోడల్ నంబరు చూడమనండి. ఆ నంబరు సెట్టింగ్స్‌లో About phone దగ్గర ఉంటుంది.